కొనాలా, లీజుకు తీసుకోవాలా, పాతదే నడపాలా?

యంత్రం కొనుక్కోవడం, లీజుకు తెచ్చుకోవడం ఒకే పనికి డబ్బు కట్టే రెండు పద్ధతులు. కొంటే ఖర్చు మొదటి రోజే పెద్దమొత్తంలో పోతుంది. ఆ తర్వాత తరుగుదల మీద ఏటా కొంత పన్ను తగ్గుతుంది, చివర్లో యంత్రాన్ని అమ్మితే మరికొంత చేతికొస్తుంది. లీజుకు తీసుకుంటే ఖర్చు ఏటేటా అద్దె రూపంలో పోతుంది. అద్దె మొత్తానికీ పన్ను మినహాయింపు దొరుకుతుంది కానీ చివర్లో చేతికేమీ మిగలదు. ఈ డబ్బు వేర్వేరు తేదీల్లో, వేర్వేరు పన్ను ప్రభావాలతో కదులుతుంది కాబట్టి రెండింటినీ నేరుగా పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. ముందు పన్ను సంగతి తేల్చి, తర్వాత అన్నిటినీ ఒకే తేదీకి తెచ్చి, అప్పుడు పోల్చాలి. పాత యంత్రాన్ని ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకూ ఇదే దారి. కాకపోతే అక్కడ ఇంకొక మెట్టు ఎక్కాలి.

మిర్యాలగూడ నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ రైస్ మిల్లులో చూసినా ఉండే సార్టెక్స్ మిషన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. బియ్యం దీని కాలువల మీదుగా జారుతుంటే కెమెరాలు ఒక్కో గింజ రంగునూ పట్టి చూస్తాయి. నల్ల గింజ, రంగు మారిన గింజ, రాయి కనబడగానే గాలి ఎజెక్టర్లు దాన్ని పక్కకు కొడతాయి. ఖరీదైన యంత్రం. ఎలక్ట్రానిక్స్ త్వరగా పాతబడతాయి. అరిగేకొద్దీ చెడ్డ గింజతో పాటు మంచి గింజనూ బయటికి నెట్టేస్తుంది. అందుకే కొనడం, లీజు, మార్పిడి అనే మూడు ప్రశ్నలూ దీని విషయంలో ఎదురవుతాయి.

ఇక్కడి ధరలు లెక్క చూపడానికి అనుకున్నవే. మిల్లు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకుందాం. కొత్త యంత్రం ధర 40 లక్షలు. అయిదేళ్ల తర్వాత అమ్మితే 12 లక్షలు వస్తుంది. బ్యాంకు అప్పు 12 శాతం వడ్డీకి దొరుకుతుంది. లేదంటే అదే యంత్రాన్ని ఒక లీజింగ్ కంపెనీ అయిదేళ్లపాటు ఏడాదికి 9 లక్షల అద్దెకు ఇస్తుంది. ఏ ఏడాది అద్దె ఆ ఏడాది మొదట్లోనే కట్టాలి. మరమ్మతులు, కరెంటు ఖర్చులు రెండు పద్ధతుల్లోనూ మిల్లువే.

పైపై లెక్కలు చెప్పే రెండు తప్పు జవాబులు

చాలామంది ముందు ఈఎమ్ఐని అద్దెతో పోలుస్తారు. 40 లక్షల అప్పును 12 శాతం వడ్డీతో 60 నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 89 వేలు కట్టాలి. లీజు అద్దె నెలకు సరాసరిన 75 వేలే. నెలకు 14 వేలు మిగులుతుంది కాబట్టి లీజే మేలనిపిస్తుంది. ఇంకొందరు ధరను మొత్తం అద్దెతో పోలుస్తారు. అయిదేళ్ల అద్దె 45 లక్షలు, యంత్రం ధర 40 లక్షలు, పైగా చివర్లో 12 లక్షలు తిరిగొస్తుంది. ఈ లెక్కన కొనడం 17 లక్షలు చవక.

ఒకే యంత్రం మీద రెండు లెక్కలూ ఎదురెదురు జవాబులు చెబుతున్నాయి. మొదటిది చివర్లో వచ్చే 12 లక్షలను మరిచిపోయింది. రెండోది అయిదేళ్ల తర్వాత వచ్చే రూపాయిని ఇవాళ కట్టే రూపాయితో సమానం చేసింది. పన్నును రెండూ పట్టించుకోలేదు.

పన్ను పోగా అసలు ఖర్చెంత

లాభంలో ఉన్న వ్యాపారం ఒక రూపాయి ఖర్చు పెడితే, ఆ మేరకు పన్ను కట్టాల్సిన ఆదాయం తగ్గుతుంది. 22 శాతం పన్ను విధానాన్ని ఎంచుకున్న దేశీయ కంపెనీకి సర్‌చార్జీ, సెస్సు కలిపితే రేటు 25.17 శాతం దాకా వస్తుంది. లెక్క సులువు కోసం 25 శాతం అనుకుంటే, 9 లక్షల అద్దె కట్టినప్పుడు 2.25 లక్షల పన్ను తగ్గుతుంది. జేబులోంచి నిజంగా పోయేది 6.75 లక్షలు. మిల్లు భాగస్వామ్య సంస్థ అయితే సెస్సుతో కలిపి రేటు 31.2 శాతం, ఆదాయం కోటి దాటితే ఇంకా ఎక్కువ. ఎవరి లెక్క వారి రేటుతోనే వేసుకోవాలి.

కొన్నప్పుడు పన్ను దగ్గర కథ వేరు. 40 లక్షలనూ ఒకే ఏడాది ఖర్చుగా చూపనివ్వరు. మామూలు యంత్రాల మీద ఆదాయపు పన్ను చట్టం ఏటా మిగిలిన విలువలో 15 శాతాన్ని తరుగుదలగా అనుమతిస్తుంది. మొదటి ఏడాది 6 లక్షలు, రెండో ఏడాది మిగిలిన 34 లక్షల మీద 5.10 లక్షలు, అలా తగ్గుతూ పోతుంది. తరుగుదల రూపంలో డబ్బు ఎవరికీ ఇవ్వం, అది పుస్తకంలో రాసుకునే అంకె. దాని వల్ల తగ్గే పన్ను మాత్రం నిజమైన డబ్బు. మొదటి ఏడాది అది 1.5 లక్షలు. లెక్కలోకి రావలసింది ఈ తగ్గిన పన్నే తప్ప తరుగుదల కాదు.

చివర్లో అమ్మినప్పుడు మన చట్టంలోని ప్రత్యేకత ఒకటి ఎదురవుతుంది. ఒకే రేటు తరుగుదల ఉన్న యంత్రాలన్నిటినీ ఒక బ్లాకుగా చూస్తారు. ఒక యంత్రాన్ని అమ్మితే దాని మీద లాభనష్టాలను విడిగా తేల్చరు, వచ్చిన డబ్బును బ్లాకు విలువలోంచి తీసేస్తారు. అయిదేళ్ల తరుగుదల పోగా మన యంత్రం విలువ 17.75 లక్షలుగా మిగులుతుంది. 12 లక్షలకు అమ్మితే 5.75 లక్షలు బ్లాకులోనే ఉండిపోతుంది. నష్టం వచ్చిందని ఆ ఏడాదే మొత్తం మినహాయింపు దొరకదు. మిల్లులోని మిగతా యంత్రాలతో కలిసి ఏటా 15 శాతం చొప్పున అది నెమ్మదిగా కరుగుతుంది.

లీజులో యజమాని లీజింగ్ కంపెనీ కాబట్టి తరుగుదల కూడా దానికే చెందుతుంది. ఐసీడీఎస్ కేసులో 2013లో సుప్రీంకోర్టు లీజుకిచ్చిన వాహనాల మీద తరుగుదల లీజుకిచ్చిన కంపెనీకి చెల్లుతుందని తీర్పు చెప్పింది. తీసుకున్నవారికి దక్కేది అద్దె మీద మినహాయింపు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116 ప్రమాణాన్ని పాటించే కంపెనీలు లీజును కూడా బ్యాలెన్స్ షీటులో ఆస్తిగా, అప్పుగా చూపించాలి. అది పుస్తకాల రూపాన్ని మారుస్తుంది కానీ చేతులు మారే డబ్బును మార్చదు.

ఏ వడ్డీతో ఇవాళ్టికి తేవాలి

రేపటి రూపాయిని ఇవాళ్టి విలువకు తేవడానికి ఒక రేటు కావాలి. లీజు ఒప్పందం మీద సంతకం పెట్టిన మిల్లు, లాభమొచ్చినా రాకపోయినా అద్దె కట్టి తీరాలి. బ్యాంకు అప్పు తీర్చడమూ అంతే నిక్కచ్చి బాధ్యత. అంటే లీజు అప్పుకు ప్రత్యామ్నాయం. అందుకే రెండింటినీ పోల్చేటప్పుడు అప్పు ఖరీదునే వాడతారు, అదీ పన్ను పోగా. 12 శాతం వడ్డీ మీద పావు వంతు పన్ను తగ్గుతుంది కాబట్టి నికరంగా పడేది 9 శాతం. ఈ రేటున ఏడాది తర్వాతి రూపాయి ఇవాళ 92 పైసలకు, అయిదేళ్ల తర్వాతి రూపాయి 65 పైసలకు సమానం.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఈ చోటే. కొనుగోలు ఖర్చులో 40 లక్షలు రాసి, దాని కింద అప్పు వడ్డీనో ఈఎమ్ఐనో మళ్లీ రాస్తారు. 12 శాతం అప్పు వాయిదాలన్నిటినీ వడ్డీ మీద పన్ను ఆదా తీసేసి, 9 శాతంతో ఇవాళ్టికి తెస్తే కచ్చితంగా 40 లక్షలే వస్తుంది. వడ్డీ భారమంతా ఆ 9 శాతంలోనే ఇమిడి ఉంది. దాన్ని విడిగా కూడా రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు మోసినట్టవుతుంది. అలాంటి లెక్కలో లీజు ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది.

రెండు లెక్కలూ పక్కపక్కన

కొనుగోలు లెక్క 40 లక్షలతో మొదలవుతుంది. అయిదేళ్ల తరుగుదల వల్ల తగ్గే పన్నును ఏ ఏడాదికాయేడు 9 శాతంతో ఇవాళ్టికి తెచ్చి కూడితే 4.45 లక్షలు. ఆ తర్వాత బ్లాకులో మిగిలిపోయే 5.75 లక్షల సంగతి చూడాలి. బ్లాకులో ఉన్న ప్రతి రూపాయీ ముందుముందు ఎంత పన్ను తగ్గిస్తుందో తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉంది.

```
0.25 × 0.15 / (0.15 + 0.09) = 0.156
```

పన్ను రేటును తరుగుదల రేటుతో గుణించి, తరుగుదల రేటు, వడ్డీ రేటు కలిపిన మొత్తంతో భాగించడమే ఇది. అంటే రూపాయికి 15.6 పైసలు. 5.75 లక్షలకు అది 90 వేలు. అది అయిదేళ్ల తర్వాతి విలువ కాబట్టి ఇవాళ్టి లెక్కలో 58 వేలు. మొత్తం పన్ను ఆదా 5.03 లక్షలు. అయిదేళ్ల తర్వాత వచ్చే 12 లక్షలకు ఇవాళ్టి విలువ 7.80 లక్షలు. 40 లక్షల్లోంచి ఈ రెండూ తీసేస్తే కొనుగోలు నికర ఖర్చు 27.17 లక్షలు.

లీజులో తొలి అద్దె ఇవాళే కట్టాలి, తర్వాతివి ఏటేటా. అయిదు అద్దెల ఇవాళ్టి విలువ 38.16 లక్షలు. ఒక్కో ఏడాది చివర తగ్గే 2.25 లక్షల పన్ను విలువ మొత్తం 8.75 లక్షలు. నికర ఖర్చు 29.41 లక్షలు.

తేడా 2.24 లక్షలు, కొనుగోలు వైపు. నెలకు 14 వేలు చవకగా కనిపించిన లీజు నిజానికి ఖరీదైనది. అలాగని కొంటే 17 లక్షలు మిగులుతుందన్నదీ నిజం కాదు. ఏడాది అద్దె దాదాపు 8 లక్షల 32 వేలు ఉంటే రెండూ సమానమవుతాయి. లీజింగ్ కంపెనీతో బేరానికి కూర్చునేవారి దగ్గర ఉండాల్సిన అంకె ఇదే. అంతకంటే దిగితే లీజు, దిగకపోతే కొనుగోలు.

లెక్క ఎక్కడ తిరగబడుతుంది

ఈ ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడింది అయిదేళ్ల తర్వాతి అమ్మకపు ధర మీద. అద్దె ఒప్పందంలో రాసి ఉంటుంది, పన్ను రేటు చట్టంలో ఉంటుంది. 12 లక్షలు మాత్రం అంచనా. ఆ ధర ఒక లక్ష తగ్గితే కొనుగోలు ఖర్చు ఇవాళ్టి లెక్కలో దాదాపు 55 వేలు పెరుగుతుంది. అమ్మకం 8 లక్షల లోపుకు పడిపోతే లీజే చవక. కెమెరా సాంకేతికత మారిపోయి పాత సార్టెక్స్‌కు కొనేవారు కరువయ్యే అవకాశం ఎంతో మిల్లు నడిపేవారు ఆలోచించాలి. లీజు తీసుకుంటే ఆ భయం లీజింగ్ కంపెనీది. మన లెక్కలోని 2.24 లక్షలు ఒక రకంగా ఆ భయాన్ని వారి నెత్తికి ఎత్తినందుకు కట్టే రుసుము. ఆ అమ్మకం ధర అంత నికరం కాదు కాబట్టి దాన్ని 9 శాతం కంటే ఎక్కువ రేటుతో ఇవాళ్టికి తెచ్చేవారూ ఉన్నారు.

రెండో ప్రమాదం ఒప్పందంలోని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వడ్డీ లేని సెక్యూరిటీ డిపాజిట్‌గా 4 లక్షలు అడిగితే, అయిదేళ్ల తర్వాత అదే 4 లక్షలు తిరిగొచ్చినా ఇవాళ్టి లెక్కలో 1.40 లక్షలు పోయినట్టే. ఏటా అద్దె పెంచే షరతు, యంత్రాన్ని తిరిగి పంపే రవాణా ఖర్చు, మధ్యలో ఆపితే కట్టాల్సిన జరిమానా అన్నీ నగదు ప్రవాహాలే కాబట్టి వాటి తేదీల ప్రకారం లెక్కలో చేర్చాలి. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తే పెద్ద చింత లేదు. పన్ను లేని సరుకు అమ్మేవారికి తిరిగి రాని భాగం ఎంతుంటే అంతా అద్దెలోనూ ధరలోనూ ఖర్చే. ఇక మరమ్మతు లీజింగ్ కంపెనీ పెట్టుకుంటానంటే, పన్ను పోగా ఆ ఖర్చును కొనుగోలు పక్షాన కలపాలి.

మూడోది కొనే తేదీ. యంత్రాన్ని ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే మొదటి ఏడాది తరుగుదల సగమే అనుమతిస్తారు. ఖరీఫ్ ధాన్యం వచ్చే వేళకు, అంటే అక్టోబరు మొదటి వారం దాటాక బిగిస్తే ఇదే జరుగుతుంది. చూడటానికి 3 లక్షల తరుగుదల పోయినట్టుంటుంది. పోదు, తర్వాతి ఏళ్లకు జరుగుతుంది. మిగతా తేదీలన్నీ అలాగే ఉంచి చూస్తే ఇవాళ్టి విలువలో నష్టం దాదాపు 26 వేలే. దీనికోసం సీజన్ లేని సెప్టెంబరులో హడావుడిగా కొనాల్సిన పని లేదు.

మిల్లు నష్టాల్లో ఉండి పన్నే కట్టకపోతే తరుగుదల, అద్దె మినహాయింపులు ఇప్పటికి అక్కరకు రావు. అప్పుడు వడ్డీ మీద కూడా పన్ను ఆదా ఉండదు కాబట్టి 9 శాతం బదులు 12 శాతమే వాడాలి. పన్ను ఆదాలు తీసేసి రేటు మాత్రం 9 దగ్గరే ఉంచడం సగం దిద్దిన లెక్క.

ఆయుష్షులు వేరైతే: సమాన వార్షిక వ్యయం

ఇంతవరకు పోల్చిన రెండు మార్గాలకూ కాలం అయిదేళ్లే. మార్కెట్లో ఇంకో యంత్రం 26 లక్షలకే దొరుకుతోందనుకుందాం. అది మూడేళ్లే బాగా పనిచేస్తుంది, తర్వాత అమ్మితే 6 లక్షలు వస్తుంది. దాన్ని నడిపే ఖర్చు ఏడాదికి 5 లక్షలు. 40 లక్షల యంత్రానికి అది 4 లక్షలు.

పై పద్ధతిలోనే లెక్కిస్తే చిన్న యంత్రం కొనుగోలు నికర ఖర్చు 18.03 లక్షలు, పెద్దదానికి 27.17 లక్షలు. నడిపే ఖర్చు కలిపినా చిన్నదే తక్కువగా కనిపిస్తుంది. కానీ ఒకటి మూడేళ్ల సేవకు ధర, రెండోది అయిదేళ్ల సేవకు. మూడేళ్లయ్యాక మిల్లు ఆగిపోదు, మళ్లీ ఒక యంత్రం కొనాల్సిందే.

అందుకే మొత్తం ఖర్చును ఏడాది ఖర్చుగా మార్చాలి. ఉత్తినే అయిదుతో భాగిస్తే వడ్డీ మరిచిపోయినట్టే. అయిదేళ్లపాటు ఏడాది చివర ఎంత చొప్పున సమానంగా కడితే, 9 శాతం వడ్డీ లెక్కన దాని ఇవాళ్టి విలువ 27.17 లక్షలవుతుందో ఆ మొత్తమే సమాన వార్షిక వ్యయం. అయిదేళ్లపాటు ఏటా ఒక్కో రూపాయి వస్తే 9 శాతం లెక్కన దాని ఇవాళ్టి విలువ 3.89 రూపాయలు. 27.17 లక్షలను దానితో భాగిస్తే 6.99 లక్షలు. ఎక్సెల్‌లో అయితే ఇలా:

```
=PMT(9%,5,-27.17)
```

దీనికి పన్ను పోగా నడిపే ఖర్చు, అంటే 4 లక్షల్లో ముప్పావు వంతు 3 లక్షలు కలిపితే, పెద్ద యంత్రం ఏడాదికి 9.99 లక్షలు పడుతుంది. చిన్నదానికి మూడేళ్ల కారకం 2.53. 18.03 లక్షలను దానితో భాగిస్తే 7.12 లక్షలు, నడిపే ఖర్చు 3.75 లక్షలు కలిపి 10.87 లక్షలు. చవక యంత్రం ఏడాదికి 88 వేలు ఎక్కువ తింటుంది. లీజు 29.41 లక్షలనూ ఇదే కొలతలోకి తెస్తే, నడిపే ఖర్చు కాకుండా ఏడాదికి 7.56 లక్షలు. సొంత యంత్రానికి అది 6.99 లక్షలు.

ఈ పద్ధతి వెనక ఒక ఊహ ఉంది. యంత్రం అయిపోగానే అలాంటిదే దాదాపు అదే ధరకు మళ్లీ కొంటారని, ఆ అవసరం ఏళ్ల తరబడి ఉంటుందని. మిల్లుకు పని మూడేళ్లే ఉంటుందని తెలిస్తే ఏడాది సగటుతో పోల్చడం తప్పు. పెద్ద యంత్రాన్ని మూడేళ్లకే అమ్మేస్తే ఎంతొస్తుందో చూసి, రెండింటినీ అదే మూడేళ్లకు లెక్కించాలి. యంత్రాల ధరలు ఏటేటా వేగంగా పడిపోతుంటే మళ్లీ కొనేటప్పుడు చవకగా దొరుకుతుంది కాబట్టి, తక్కువ ఆయుష్షు యంత్రానికి ఈ పద్ధతి చూపేదానికంటే కాస్త ఎక్కువ విలువ ఉంటుంది.

పాత యంత్రాన్ని ఎప్పుడు దించాలి

ఇప్పుడు మిల్లులో ఉన్న పాత సార్టెక్స్ సంగతి. పుస్తకాల్లో దాని విలువ 9 లక్షలు, బజారులో 5 లక్షలే వస్తుంది. 4 లక్షలు నష్టమని దాన్ని అలాగే నడుపుతుంటారు. కానీ పుస్తకంలోని 9 లక్షలు ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బు. ఇవాళ తీసుకునే నిర్ణయం దాన్ని వెనక్కి తేలేదు. పైగా బ్లాకు పద్ధతిలో ఆ మిగిలిన విలువ మీద తరుగుదల ఉంచుకున్నా అమ్మినా కొనసాగుతుంది. ఇప్పుడు లెక్కలోకి రావలసింది బజారు ధర ఒక్కటే.

నడిపే ఖర్చులో బిల్లుగా రానిది కూడా ఉంటుంది. పాత యంత్రానికి ఏఎమ్‌సీ, విడిభాగాలు 3.5 లక్షలు, కంప్రెసర్‌తో సహా కరెంటు 2 లక్షలు. వీటికి రశీదులుంటాయి. రిజెక్షన్‌లో కలిసిపోయే మంచి బియ్యానికి రశీదు ఉండదు. ఏడాదికి 100 క్వింటాళ్ల మంచి బియ్యం అలా పోయి, క్వింటాకు 1,500 తక్కువ ధరకు అమ్ముడైతే అది 1.5 లక్షల నష్టం. రిజెక్షన్ బస్తాలోంచి కిలో తీసి మంచి గింజలు వేరుచేసి తూచితే ఈ నష్టం ఎంతో బయటపడుతుంది. మొత్తం 7 లక్షలు, పన్ను పోగా 5.25 లక్షలు.

పాతదాన్ని ఇంకో ఏడాది ఉంచుకుంటే అయ్యే ఖర్చు మూడు భాగాలు. ఇవాళ అమ్మితే వచ్చే డబ్బును వదులుకుంటున్నాం, దాని మీద ఏడాది వడ్డీతో సహా. ఏడాది నడిపే ఖర్చు భరిస్తున్నాం. ఏడాది చివర అమ్మకం ధర తిరిగొస్తుంది కాబట్టి దాన్ని తీసేస్తాం. ఇవాళ 5 లక్షలకు అమ్మితే బ్లాకు ఆ మేరకు తగ్గి, రూపాయికి 15.6 పైసల చొప్పున పన్ను ఆదా పోతుంది. అందువల్ల చేతికి నికరంగా వచ్చేది 4.22 లక్షలు. ఏడాది వడ్డీతో అది 4.60 లక్షలు. ఏడాది చివర 3.5 లక్షలకు అమ్మితే నికరం 2.95 లక్షలు. 4.60కి 5.25 కలిపి 2.95 తీసేస్తే 6.90 లక్షలు.

తర్వాతి ఏళ్లలో అమ్మకం ధర 2.5 లక్షలకు, ఆపై 1.5 లక్షలకు పడిపోతుందని, నడిపే ఖర్చు 9.6 లక్షలకు, ఆపై 13 లక్షలకు పెరుగుతుందని అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. అంకెలన్నీ లక్షల్లో, పన్ను పోగా.

| ఏడాది | వదులుకున్న ధర, వడ్డీతో | నడిపే ఖర్చు | చివర్లో వచ్చేది | ఆ ఏడాది ఖర్చు |
|---|---|---|---|---|
| 1 | 4.60 | 5.25 | 2.95 | 6.90 |
| 2 | 3.22 | 7.20 | 2.11 | 8.31 |
| 3 | 2.30 | 9.75 | 1.27 | 10.78 |

కొత్త యంత్రం ఏడాదికి 9.99 లక్షలు పడుతుందని ముందే తేలింది. మొదటి ఏడాది, రెండో ఏడాది పాతదే చవక. మూడో ఏడాది పాతది కొత్తదాన్ని దాటింది. కాబట్టి రెండేళ్లు నడిపి, మూడో ఏడాది మొదలయ్యే ముందు మార్చాలి. కొత్త యంత్రం తక్కువ కరెంటు తాగుతుంది, తక్కువ బియ్యం పారేస్తుంది అన్న కారణంతో ఇవాళే మారిస్తే మొదటి ఏడాదే 3 లక్షలకు పైగా అదనపు ఖర్చు. పాతదానికి అప్పు తీరిపోయింది, ఇంకా తిరుగుతోంది కదా అని మూడో ఏడాదీ నడిపితే దాదాపు 80 వేలు నష్టం.

ఏడాది ఏడాదికీ ఖర్చు పెరుగుతూ పోయినంతకాలం ఈ ఒక్క ఏడాది పోలిక సరిపోతుంది. పెద్ద మరమ్మతు వచ్చిందంటే సరిపోదు. మూడో ఏడాది మొదట్లో 6 లక్షలు పెట్టి కెమెరాలు, ఎజెక్టర్లు మారిస్తే ఆ తర్వాత మూడేళ్లపాటు ఏడాది ఖర్చు 7.5 లక్షలకు దిగుతుందనుకుందాం. మరమ్మతు ఖర్చు పన్ను పోగా 4.5 లక్షలు. దాన్నంతా మొదటి ఏడాది మీదే వేస్తే ఖర్చు 12.4 లక్షలై, మార్చేయమని చెబుతుంది. మూడేళ్ల మీద పరిస్తే ఏడాదికి 1.78 లక్షలు, మొత్తం 9.28 లక్షలు. కొత్తదాని 9.99 లక్షల కంటే తక్కువ కాబట్టి మరమ్మతే మేలు. మరమ్మతు ఫలితం ఎన్నేళ్లుంటుందో అన్నేళ్లకూ కలిపి సమాన వార్షిక వ్యయం కట్టాలి.

మొత్తం లెక్క ఒక కాగితం మీద పడుతుంది. దానికి కావలసిన వివరాల్లో అద్దె, వడ్డీ, పన్ను రేటు, తరుగుదల రేటు కాగితాల మీద దొరికేవే. అమ్మకం ధర, పెరుగుతూ పోయే నడిపే ఖర్చు మాత్రం మిల్లులోనే కనుక్కోవాలి. ఈ రెండింటినీ ఏటా ఒకసారి రాసి పెట్టుకునే మిల్లుకు యంత్రం మార్చాల్సిన ఏడాది ముందే తెలిసిపోతుంది. ఆ రెండు అంకెలు లేకపోతే 9 శాతమైనా 12 శాతమైనా ఎంత జాగ్రత్తగా గుణించినా వచ్చే జవాబు ఊహే అవుతుంది.